24 బై 36 గోడ బొమ్మకు ప్రాంప్టు

ప్రింటింగ్ షాపులో కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: "రిజల్యూషన్ లేదండీ, ఒరిజినల్ పంపండి." పెళ్లి ఫొటో అయితే ఆ ఒరిజినల్ ఫొటోగ్రాఫరు దగ్గర దొరుకుతుంది. పాత పోస్టరు అయితే ఏ డిజైనరు హార్డ్ డిస్కులోనో ఉంటుంది. ఏఐతో గీయించిన బొమ్మ పట్టుకొచ్చినవాళ్లు మాత్రం ఆ మాటకి తెల్లమొహం వేస్తారు. వాళ్ల చేతిలో ఉన్నదే ఒరిజినల్. దానికంటే పెద్దది ఎక్కడా లేదు.

ఆ బొమ్మ ఫోనులో మాత్రం అద్భుతంగా కనిపించి ఉంటుంది. అబద్ధమేమీ కాదు. ఫోను తెర వెడల్పు రెండున్నర, మూడు అంగుళాలు. అందులో వెయ్యికి పైగా పిక్సెళ్లు ఇరుక్కుని ఉంటాయి. అంటే అంగుళానికి దాదాపు 400 చుక్కలు. అదే వెయ్యి పిక్సెళ్లను 24 అంగుళాల వెడల్పున్న పోస్టరు మీద పరిస్తే అంగుళానికి నలభై రెండో నలభై మూడో వస్తాయి. ఫోనులో ఈకలుగా కనిపించినవి గోడ మీద మరకలవుతాయి. నల్లటి గీతల అంచులు మెట్లు మెట్లుగా, లేదా బూడిదరంగు పొగలా కనిపిస్తాయి.

దీనికి చాలామంది చేసే వైద్యం ప్రాంప్టు చివర నాలుగు మాటలు చేర్చడం. "8K", "ultra detailed", "300 DPI" అని రాస్తే బొమ్మ ఆ కొలతల్లో వస్తుందని ఆశ. రాదు. బొమ్మలో ఎన్ని పిక్సెళ్లు ఉండాలో నిర్ణయించేది ఆ సాధనంలోని సైజు సెట్టింగు. ప్రాంప్టులో అలాంటి వర్ణన మాటలు రాసినంత మాత్రాన ఆ సంఖ్య మారదు. 2022లో బయటికి వచ్చిన మొదటి స్టేబుల్ డిఫ్యూజన్ 512 పిక్సెళ్ల చదరానికి శిక్షణ పొందింది. మరుసటి ఏడాది వచ్చిన ఎస్‌డీఎక్స్ఎల్‌కి అది 1024 అయింది. ఈ మోడళ్లు ఇంటర్నెట్‌లోని కోట్ల బొమ్మలను, వాటి పక్కనున్న ఇంగ్లీషు వ్యాఖ్యలను చూసి నేర్చుకున్నాయి. అక్కడ "8K" అని రాసి ఉన్నవి ఎక్కువగా వాల్‌పేపర్లు, వీడియో గేమ్ దృశ్యాలు. కాబట్టి ఆ మాట రాస్తే వచ్చేది ఆ బాపతు మెరుపూ, ఆ బాపతు గజిబిజీ. డీపీఐ అయితే బొమ్మ గుణమే కాదు. బొమ్మని ఎంత కాగితం మీద పరుస్తున్నామన్న లెక్క అది. కాగితం కొలత తెలియని యంత్రానికి ఆ మాటతో పని లేదు.

మరి ప్రాంప్టు చేతిలో ఏముంది? ఉన్న పిక్సెళ్లను దేనిమీద ఖర్చుపెట్టాలన్నది దాని చేతిలో ఉంది. ఏడు చుక్కల ముగ్గును చిన్న గడపలో వేసినా పెద్ద వాకిట్లో వేసినా అందులో పట్టేవి ఏడు చుక్కల గీతలే. పెద్ద వాకిలికి ముగ్గు వేసే మనిషి ఆ చుక్కల్లోనే నిండుగా కనిపించే ముగ్గును ఎంచుకుంటుంది. పోస్టరుకు ప్రాంప్టు రాయడం అచ్చం అలాంటి ఎంపికే. దాన్ని గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కకట్టుకుంటూ రావాలి.

ఒక బొమ్మ తీసుకుని చివరిదాకా చూద్దాం. హాల్లో సోఫా వెనక గోడకి 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు ఉన్న పోస్టరు కావాలి. బొమ్మ కలంకారీ తీరులో జీవవృక్షం. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో బొమ్మకు ప్రాణం నల్లగీతే. వెదురు పుల్ల కొనకు గుడ్డ చుట్టి, బెల్లమూ ఇనుప ముక్కలూ నీళ్లలో ఊరబెట్టి తీసిన నల్లరంగులో ముంచి, పాలూ కరక్కాయా పట్టించిన గుడ్డ మీద చేత్తో లాగే గీత అది. రంగులు ఆ గీతల మధ్య నింపినవి. నీడలూ వెలుగులూ దాదాపు ఉండవు. అంచు పదునుగా వచ్చిందో లేదో ఇంత నిర్దాక్షిణ్యంగా బయటపెట్టే శైలి మరొకటి దొరకడం కష్టం. (యంత్రం గీసింది కలంకారీ తీరు బొమ్మే తప్ప కలంకారీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీ అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరుతో అమ్మే హక్కు దాన్ని చేత్తో గీసేవాళ్లది. ఇంటి గోడకి వేసుకునేవారికి ఇబ్బంది లేదు, వ్యాపారం చేయాలనుకునేవారు గుర్తుంచుకోవాలి.)

మొదటి లెక్క: ఎంత దూరం నుంచి చూస్తారు? మామూలు చూపున్న కన్ను రెండు చుక్కలను విడివిడిగా గుర్తించాలంటే వాటి మధ్య ఒక డిగ్రీలో 60వ వంతు కోణమైనా ఉండాలి. దీన్ని అంగుళాల్లోకి మారిస్తే సులువైన సూత్రం వస్తుంది. 3440ని చూసే దూరంతో, అంగుళాల్లో, భాగించాలి. వచ్చినదే అంగుళానికి కావలసిన పిక్సెళ్లు. పుస్తకాన్ని పది అంగుళాల దూరంలో పట్టుకుంటాం కాబట్టి దానికి 344. అచ్చు రంగంలో 300 అనే అంకె పాతుకుపోయింది ఈ చేతి దూరం వల్లే. ముప్పై అడుగుల దూరంలోని ఫ్లెక్సీకి ఇదే సూత్రం పది పిక్సెళ్లు కూడా అడగదు. అందుకే దగ్గరికెళ్తే గళ్లు గళ్లుగా ఉండే హోర్డింగు రోడ్డు మీంచి చూస్తే నిక్షేపంగా ఉంటుంది.

మన గోడ బొమ్మను సోఫా ఎదుటి కుర్చీలోంచి, ఏడెనిమిది అడుగుల నుంచి చూసినంతసేపూ 40 పిక్సెళ్లు చాలు. కానీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ బొమ్మ బాగుందనగానే దగ్గరికి నడుస్తారు. రెండడుగుల దగ్గర ఆగుతారు. ఆ దూరానికి 143 కావాలి. పైగా నల్లగీత విషయంలో కన్ను మరీ గడుసుది. రెండు చుక్కలను విడదీయలేని దూరం నుంచి కూడా గీత కాస్త పక్కకు జరిగితే పసిగడుతుంది. మబ్బుల బొమ్మకైతే వందతో సరిపెట్టుకోవచ్చు గానీ, గీతల బొమ్మకు 150 దాటడం మంచిది.

ఇప్పుడు చేతిలో ఉన్నదేమిటో చూద్దాం. నేటి సాధనాల్లో కొన్ని 1024 బై 1536 పిక్సెళ్ల నిలువు బొమ్మ ఇస్తాయి. నిష్పత్తి రెండుకు మూడు, పోస్టరు నిష్పత్తి కూడా అదే. ఈ పొంతన ముందే చూసుకోవాలి. చదరపు బొమ్మ తీసుకుని తరవాత పక్కలు కోసేస్తే ఉన్న పిక్సెళ్లలో మూడో వంతు చెత్తబుట్టలోకి పోతుంది. మిడ్‌జర్నీ వంటి చోట్ల ప్రాంప్టు చివర `--ar 2:3` అని చేరిస్తే ఆ నిష్పత్తిలోనే వస్తుంది. 1024ని 24తో భాగిస్తే అంగుళానికి 43. దాన్ని పెంచే సాధనంతో నాలుగు రెట్లు చేస్తే 4096 బై 6144, అంగుళానికి 170. కావలసింది 150కి పైన. లెక్క కుదిరింది.

కుదిరింది నిజమే, ఒక షరతు మీద. నాలుగు రెట్లు పెంచే యంత్రం కొత్త సమాచారం తేదు, ఉన్నదాన్ని నునుపు చేసి ఊహిస్తుంది. మొదటి బొమ్మలో కన్ను కన్నుగా ఉంటే పెంచాక పదునైన కన్ను వస్తుంది. మొదటి బొమ్మలో మూడు పిక్సెళ్ల మచ్చ ఉంటే, పెంచాక పదునైన మచ్చ వస్తుంది. కాబట్టి అసలు పోటీ అంగుళానికి 43 పిక్సెళ్లున్న ఆ మొదటి బొమ్మలోనే తేలిపోతుంది. ప్రాంప్టు పని అక్కడ.

చాలామంది మొదట రాసే ప్రాంప్టు ఇలా ఉంటుంది:

```
beautiful kalamkari tree of life, many birds and
animals, intricate, ultra detailed, 8k, 300 dpi,
cinematic lighting, masterpiece, Telugu text
```

ఇందులో ప్రతి మాటా గోడ మీద ఏమవుతుందో చూస్తే సగం పాఠం అయిపోతుంది. "many birds", "intricate" అన్నవి యంత్రాన్ని బొమ్మంతా చిన్న చిన్న వస్తువులతో నింపమంటాయి. ముప్పై పిట్టలు వచ్చాయనుకుందాం. ఒక్కోటి పోస్టరు మీద అంగుళంన్నర ఉంటే మొదటి బొమ్మలో దానికి దక్కేది 64 పిక్సెళ్లు. తలకు పన్నెండు, కంటికి మూడు. స్టేబుల్ డిఫ్యూజన్ తరహా మోడళ్లలో ఇంకో చిక్కుంది. అవి బొమ్మని నేరుగా పిక్సెళ్లలో గీయవు. ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు, ఎనిమిది పిక్సెళ్ల ఎత్తు ఉన్న గడిని ఒక్క యూనిట్‌గా కుదించుకున్న చిన్న పటం మీద పనిచేసి, చివర్లో దాన్ని విప్పుతాయి. పిట్ట కన్ను మొత్తం ఒక గడిలో సగం కూడా లేదు. విప్పే దశలో అక్కడ ఏదో ఒక చుక్క పడుతుంది. దూరంగా ఉన్న జనం ముఖాలు, చిన్న అక్షరాలు, మెడలోని గొలుసులు ఏఐ బొమ్మల్లో కరిగిపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఆకుల సంగతీ అంతే. చెట్టుకు మూడు వందల ఆకులుంటే ఒక్కోదానికి అంగుళం కూడా రాదు. నలభై పిక్సెళ్ల పొడవు, పదిహేను వెడల్పు. ఆకులో ఈనెలు కనిపించాలంటే ఒక్కో గీతకు కనీసం రెండు పిక్సెళ్లు, గీతకూ గీతకూ మధ్య మరో రెండు కావాలి. అంతకంటే సన్నని ఏటవాలు గీతను పిక్సెళ్లు మొయ్యలేవు, బూడిదరంగులోకి జారిపోతుంది. పదిహేను పిక్సెళ్లలో అంచుగీతలు, నడిమి ఈనె పోగా పక్క ఈనెలకు మిగిలే చోటు ఏమీ లేదు. అదే ఆకులు ముప్పై అయితే? ఒక్కోటి మూడంగుళాలు, అంటే 128 పిక్సెళ్లు. నడిమి ఈనె, అటూ ఇటూ ఆరేసి పక్క ఈనెలు హాయిగా పడతాయి. ఆకులు తగ్గించినందుకే చూసేవాడికి వివరం ఎక్కువగా కనిపిస్తుంది. గోడ బొమ్మల ప్రాంప్టుల్లో జనం ఆఖరున ఒప్పుకునే సంగతి ఇదే.

ఇక "cinematic lighting". ఈ మాటతో వచ్చేవి వెలుగు పొగలు, వెనకభాగం మసక, రంగు రంగులోకి మెల్లగా జారడం. సినిమా తెరకు అందమే. అంచుకు మాత్రం శత్రువు. అంచు అనేది రెండు రంగులు ఒకదాన్నొకటి హఠాత్తుగా తాకే చోటు. ఆ తాకిడిని మెత్తబరిచే మాట ఏది రాసినా, మంచు, సాయంసంధ్య, కాంతివలయం, లోతైన మసక, ఏదైనా అంచును తినేస్తుంది. దానికి విరుగుడుగా "sharp" అని చేర్చినా పెద్దగా పని జరగదు. పదును తన స్వభావంలోనే ఉన్న మాధ్యమాన్ని పేరుపెట్టి అడగడం మేలు. సిరా గీత, చెక్క అచ్చు, స్క్రీన్ ప్రింటు, కత్తిరించిన కాగితం, వీటిలో దేని పేరు చెప్పినా యంత్రం నేర్చుకున్న ఉదాహరణలన్నీ గట్టి అంచులవే. ఫొటోలాంటి బొమ్మే కావాలంటే ముందున్నదీ వెనకున్నదీ అంతా ఫోకస్‌లో ఉండాలని చెప్పాలి. పోర్ట్రెయిట్ లెన్సుల పేర్లు రాయకూడదు.

"kalamkari" అన్న మాటలో కూడా చిన్న ఉచ్చు ఉంది. ఆ పేరుతో నెట్‌లో ఉన్న ఫొటోల్లో ఎక్కువ భాగం చీరలు, దుపట్టాలు. దాంతో యంత్రం గుడ్డ నేతను, మడతలను కూడా గీసేస్తుంది. నేత అంటే ఒకటి రెండు పిక్సెళ్ల సన్నని గళ్లు. నాలుగు రెట్లు పెంచేసరికి అవి పురుగులు పాకినట్టు వంకరటింకర గీతలవుతాయి. గుడ్డ అనుభూతి కావాలంటే కాన్వాస్ మీద అచ్చు వేయించుకోవడం మేలు. నిజమైన నేత దానంతటదే వస్తుంది.

ఇవన్నీ చూసుకుని తిరగరాస్తే ప్రాంప్టు ఇలా అవుతుంది:

```
Tree of life, hand-drawn kalamkari ink illustration,
one thick trunk in the centre, thirty large broad leaves,
two large peacocks at the base, bold even black outlines,
flat colours in indigo, madder red and mustard,
plain cream background, wide empty margin, front view
```

ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ కొలతలూ, పదార్థాలూ. నెమళ్లు రెండే, ఒక్కోటి పది అంగుళాలు వస్తే 430 పిక్సెళ్లు. తలకు యాభై, కంటికి పన్నెండు. కన్ను ఇప్పుడు ఒక గడి కంటే పెద్దది, అందులో నల్లగుడ్డు, తెల్లభాగం విడివిడిగా నిలుస్తాయి. ముప్పై ఆకులన్నామని యంత్రం సరిగ్గా ముప్పై గీయదు. పాతికో నలభయ్యో వస్తాయి. ఆ అంకె పెట్టింది ఆకు పరిమాణం తెలియజెప్పడానికి. "bold even" అన్నది గీత మందం కోసం. మొదటి బొమ్మలో ఒక పిక్సెల్ పోస్టరు మీద 0.6 మిల్లీమీటర్లు. మూడు పిక్సెళ్ల గీత దాదాపు రెండు మిల్లీమీటర్ల మందంతో పడుతుంది, హాలు అవతలినుంచి కూడా తెలుస్తుంది.

రంగులను పేరుపెట్టి మూడింటికి కట్టేయడంలోనూ అంచు లెక్కే ఉంది. నీలిమందు నీలం, మంజిష్ట ఎరుపు, ఆవపసుపు, ఇవి పక్కపక్కన పడితే నల్లగీత లేకపోయినా వేరుగా కనిపిస్తాయి. అదనపు లాభం ఏమిటంటే ఈ మట్టిరంగులను అచ్చుయంత్రపు నాలుగు సిరాలు చాలావరకు అందుకోగలవు. తెర మీద మిరుమిట్లు గొలిపే నియాన్ నీలం, చిలక పచ్చ కాగితం మీద చప్పబడిపోతాయి. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. మొదటి ప్రాంప్టు తెచ్చే మెరుపులో చాలాభాగం షాపులోనే చచ్చిపోతుంది.

వద్దనుకున్నవాటిని ప్రాంప్టులోనే "no fabric" అని రాస్తే కొన్ని సాధనాలు "fabric" అన్న మాటనే పట్టుకుని గుడ్డను గీసేస్తాయి. స్టేబుల్ డిఫ్యూజన్ పనిముట్లలో దానికి వేరే పెట్టె ఉంటుంది, నెగెటివ్ ప్రాంప్టు. మిడ్‌జర్నీలో `--no` తరవాత రాస్తారు. మన బొమ్మకు అందులో వేయాల్సినవి ఇంతే:

```
fabric texture, folds, blur, glow, shadow, gradient, border, text
```

ప్రాంప్టు ఇంగ్లీషులో ఎందుకన్న ప్రశ్న తెలుగు పాఠకుడికి రావాలి. కొత్తగా వచ్చిన కొన్ని సాధనాలు తెలుగులో అడిగినా అర్థం చేసుకుంటాయి. స్టేబుల్ డిఫ్యూజన్, ఎస్‌డీఎక్స్ఎల్ మాత్రం క్లిప్ అనే భాషాభాగం మీద ఆధారపడ్డాయి. అది నేర్చింది ఇంగ్లీషు. పైగా అది ఒకసారికి 77 ముక్కలే తీసుకోగలదు, వాటిలో రెండు ఆరంభానికీ ముగింపుకీ పోతాయి. ఇంగ్లీషు మాట చాలాసార్లు ఒక్క ముక్కలో ఇమిడితే, తెలుగు అక్షరం చిన్న చిన్న ముక్కలుగా చిట్లిపోతుంది. ఒకటి రెండు తెలుగు వాక్యాలకే సంచి నిండిపోతుంది, వాటి అర్థమూ దానికి తెలియదు. ఇంగ్లీషులో రాసినా ఈ 75 ముక్కల హద్దు గుర్తుండాలి. చెట్టు, గీత, ఆకు పరిమాణం ముందుండాలి, అలంకారాలు వెనక. "masterpiece", "stunning" లాంటివి ఆక్రమించేది ఆ చోటునే.

నెగెటివ్ ప్రాంప్టులో అంచుపట్టీని, అక్షరాలను తోసెయ్యడానికి వేరే కారణం ఉంది. కలంకారీ బొమ్మకు చుట్టూ పట్టీ అందమే. కానీ యంత్రం గీసిన పట్టీ కుడివైపు ఒక మందం, ఎడమవైపు ఇంకో మందం ఉంటుంది, మూలల్లో పూలు కలవవు. పోస్టరును కోసేటప్పుడు ఆ తేడా రెట్టింపుగా కనిపిస్తుంది. పట్టీని తరవాత ఇంక్‌స్కేప్‌లోనో, కోరల్‌డ్రాలోనో గీసుకోవడం నయం. అందుకే "wide empty margin" అని ఖాళీ అడిగింది. మామూలు కాగితానికి చుట్టూ మూడు మిల్లీమీటర్లు కోతకు పోతుంది. చెక్క ఫ్రేముకు చుట్టే కాన్వాస్ అయితే ఒక్కోవైపు అంగుళంన్నర, రెండంగుళాలు వెనక్కి మడుస్తారు. ఆ ఖాళీ లేకపోతే నెమలి తోక గోడవైపు తిరిగిపోతుంది. అక్షరాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒత్తులు, గుణింతాలు ఉన్న తెలుగు మాటను బొమ్మలో భాగంగా గీయమంటే చాలా మోడళ్లు తెలుగులా కనిపించే గిలుకులు గీస్తాయి. సరిగ్గా రాసినా అవి పిక్సెళ్లే, అంచు మిగతా బొమ్మలాగే మసకబారుతుంది. రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంటుతోనో, షాపువాళ్లు వాడే అను ఫాంటుతోనో పైన టైపు చేసి, కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్ ఇస్తే అక్షరం అంచు ఏ సైజులోనైనా కత్తిలా ఉంటుంది.

బొమ్మ వచ్చాక పెంచే పని. ఇక్కడ రెండు దారులున్నాయి. మొదటిది రియల్ ఈఎస్ఆర్‌గ్యాన్ వంటి అప్‌స్కేలర్. 2021లో వచ్చిన ఈ ఉచిత సాధనంలో గీతల బొమ్మలకు పనికొచ్చే `RealESRGAN_x4plus_anime_6B` అనే రకం ఉంది. పేరులో జపాను కార్టూన్ల ప్రస్తావన ఉన్నా, నల్లగీతా చదునైన రంగూ ఉన్న మన బొమ్మకు నప్పేది అదే. ఫొటోల రకాన్ని వాడితే చదును రంగులో లేని చర్మపు గరుకును ఊహించి పెట్టవచ్చు. దీనికి ప్రాంప్టు ఉండదు.

రెండో దారిలో ప్రాంప్టు మళ్లీ వస్తుంది, ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ఈ పద్ధతిలో పెద్ద బొమ్మని పలకలుగా కోసి, ఒక్కో పలకను మోడల్ చేత మళ్లీ గీయిస్తారు. నిజంగానే కొత్త వివరం పుడుతుంది. అయితే పాత ప్రాంప్టునే ఇక్కడా ఉంచితే, ప్రతి పలకా తనకు చెట్టూ రెండు నెమళ్లూ కావాలనుకుంటుంది. ఆకుల గుబుర్లో బుల్లి నెమలి తలలు మొలుస్తాయి, ఖాళీ నేలలో చిన్న చెట్లు పుడతాయి. తెర మీద బొమ్మ మొత్తాన్ని చూసినప్పుడు ఇవి కనబడవు. గోడకెక్కాక పిల్లలు కనిపెడతారు. పలకల దశకు ప్రాంప్టులో వస్తువు పేరే ఉండకూడదు, పదార్థం మాత్రమే ఉండాలి:

```
clean black ink outline, flat colour, smooth cream paper
```

దీనితో పాటు డీనాయిజ్ అనే మీటను 0.2, 0.3 ప్రాంతంలో ఉంచాలి. అది పెరిగేకొద్దీ యంత్రానికి స్వేచ్ఛ పెరుగుతుంది. 0.5 దాటితే పాత గీతను పక్కనపెట్టి తనది గీయడం మొదలుపెడుతుంది.

ఇలాంటి చదునైన బొమ్మకు మూడో మార్గం ఒకటి మిగిలి ఉంది, అది చాలామందికి తట్టదు. ఇంక్‌స్కేప్‌లోని `Trace Bitmap` ఆదేశంతో పిక్సెళ్ల అంచులను గణిత రేఖలుగా మార్చేయవచ్చు. తరవాత ఆ బొమ్మను గోడంత చేసినా భవనమంత చేసినా అంచు మెట్లు కట్టదు. ఇది మూడు నాలుగు రంగుల బొమ్మకే చెల్లుతుంది. రంగు మెల్లగా మారే చోట మడతలు మడతలుగా చారలు పడతాయి. ప్రాంప్టులో చదును రంగులు అడిగి, "gradient" వద్దన్నందుకు ఫలితం ఇక్కడ దక్కుతుంది. ట్రేస్ చేసేముందు బొమ్మను ఒకసారి పెంచుకోవాలి. చిన్న బొమ్మను నేరుగా ట్రేస్ చేస్తే నెమలి కన్ను బహుభుజి అవుతుంది.

అచ్చుకు ఇచ్చేముందు తప్పులు కనిపెట్టడానికి తెర మీద వంద శాతం సైజులో పెట్టి మూల నుంచి మూలకు జరుపుతూ చూడాలి. మొత్తం బొమ్మను తెరకు కుదించి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. చూడాల్సిన చోట్లు కొన్నే: నెమలి కన్ను, కాలి వేళ్లు, రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోటు, ఆకు కొన. నల్లగీత పక్కన సన్నని తెల్లటి వెలుగు కనిపిస్తే పదును పెంచే ఫిల్టరు ఎక్కువైందని అర్థం. ఫోనులో అది పదునులా మోసం చేస్తుంది, కాగితం మీద గీతకు తెల్ల అంచు కుట్టినట్టు తేలిపోతుంది. ఒకే గీత ఉండాల్సిన చోట జంటగీతలుంటే పెంచే దశలో తప్పు జరిగింది. గీత చుట్టూ చిన్న చిన్న చుక్కల దుమ్ము ఉంటే అది జేపెగ్ కుదింపు మచ్చ. బొమ్మను మొదటినుంచీ పీఎన్‌జీలో ఉంచుకుంటే అది రాదు.

ఈ చివరి మచ్చకు మన దగ్గర ఎక్కువసార్లు కారణం వాట్సాప్. అంత లెక్కకట్టి తయారుచేసిన 6144 పిక్సెళ్ల బొమ్మను ఫొటోగా పంపితే అది దారిలో కుదించి, చిన్నదాన్ని షాపుకు చేరుస్తుంది. డాక్యుమెంటుగా జతచేస్తే ఉన్నదున్నట్టు వెళ్తుంది. పెన్‌డ్రైవు ఇంకా నయం.

పోస్టరు మొత్తం వేయించేముందు ఒక ముక్క వేయించడం ఖర్చు తక్కువ పని. 4096 బై 6144 బొమ్మలోంచి నెమలి తల, పక్కన రెండు ఆకులు వచ్చేలా 1400 బై 2000 పిక్సెళ్ల ముక్కను కోసి, ఏ ఫోర్ కాగితం నిండా అచ్చు వేయిస్తే అది సరిగ్గా పోస్టరులో కనిపించబోయే సైజులోనే ఉంటుంది. ఆ కాగితాన్ని సోఫా వెనక గోడకు టేపుతో అంటించి, ముందు ఎదుటి కుర్చీలోంచి, తరవాత రెండడుగుల నుంచి, పగటి వెలుగులో ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడాలి. కుర్చీలోంచి గీతలు కలిసిపోతున్నట్టుంటే ప్రాంప్టులో ఆకుల అంకెను ఇరవైకి దించి బొమ్మను మళ్లీ గీయించాలి. దగ్గరినుంచి అంచు మెత్తగా అనిపిస్తే ప్రాంప్టును కదిలించకుండా పెంచే దశను మాత్రమే తిరగచేయాలి. రంగు చప్పగా ఉంటే ఆ రెంటి జోలికీ వెళ్లకుండా, షాపులో కాగితం మార్చమని అడిగి చూడాలి.